యజమాని అమెరికాలో, టాన్ నంబరు నా పేరున

2025 మార్చి చివరి వారంలో బెంగళూరు మారతహళ్లిలో రెండు పడక గదుల ఇల్లు ఒకటి చూసుకున్నాం. ఇల్లు చూపించింది యజమాని తండ్రిగారు. ఒంగోలు దగ్గరి వారు, మాట కలుపుగోలు, అద్దె 40 వేలు. అడ్వాన్సు మాట తేలిపోయాక పెద్దాయన, "మా అబ్బాయి న్యూజెర్సీ నుంచి ఫోను చేస్తాడమ్మా, ఏవో కాగితాల సంగతి మాట్లాడాలట" అన్నారు. ఆదివారం ఉదయం ఫోను వచ్చింది.

"అద్దె మా నాన్నగారి చేతికి ఇవ్వకండి. ఆయన ఖాతాకూ పంపకండి. విదేశంలో ఉండేవారికి ఇక్కడి బ్యాంకుల్లో ఇచ్చే ఎన్నారో ఖాతా నాకుంది, దాని వివరాలు ఇస్తాను, దానికే పంపండి. పంపే ముందు అందులోంచి 31.2 శాతం పన్ను పట్టుకొని ప్రభుత్వానికి కట్టండి. మిగిలిందే నాకు పంపండి" అన్నారు ఆయన.

నేను పీణ్యాలో ఒక చిన్న కర్మాగారానికి లెక్కలు రాస్తాను. ఇలా చెల్లింపులోంచే పన్ను పట్టుకునే టీడీఎస్ అనే మాట నాకు కొత్త కాదు. అందుకే కొంచెం ధీమాగానే, "మా అద్దె 40 వేలేనండీ. నెలకు 50 వేలు దాటితేనే కదా పట్టుకోవాలి?" అన్నాను.

"ఆ 50 వేల హద్దు యజమాని భారతదేశంలో నివాసి అయితేనే. నాలాంటి వాడికి హద్దు లేదు. అద్దె పది వేలయినా పట్టుకోవలసిందే" అన్నారు. సెక్షన్ 195 చదవమని చెప్పి ఫోను పెట్టేశారు. చదివాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పదకొండేళ్లుగా లెక్కల పనిలో ఉన్న నాకే తెలియని సంగతి, బెంగళూరులో అద్దెకుంటున్న మిగతా తెలుగు వాళ్లలో ఎంతమందికి తెలిసి ఉంటుందన్న ఆలోచనే ఈ వ్యాసానికి కారణం.

ముందుగా ఒక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి. నేను చెబుతున్నది 2025-26 ఆర్థిక సంవత్సరంలో నాకు జరిగింది కాబట్టి సెక్షన్లు, ఫారాల పేర్లు 1961 చట్టంలోవే వాడుతున్నాను.

ఆ చట్టంలో, సొంతానికి ఇల్లు అద్దెకు తీసుకున్న మనిషికి రెండు దారులు ఉండేవి. యజమాని ఇక్కడి నివాసి, అద్దె నెలకు 50 వేలకు పైన అయితే సెక్షన్ 194-ఐబీ. పన్ను 2 శాతం, మామూలుగా ఏడాదికి ఒక్కసారి పట్టుకుంటే చాలు, 26క్యూసీ అనే ఒకే ఫారం, మన పాన్ నంబరుతోనే పని ముగుస్తుంది. యజమాని ప్రవాసి అయితే సెక్షన్ 195. పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 31.2. ప్రతి నెలా పట్టుకోవాలి, ప్రతి నెలా కట్టాలి, మూడు నెలలకోసారి 27క్యూ అనే వివరణ పత్రం దాఖలు చేయాలి. వీటన్నిటికీ పాన్ పనికిరాదు. కంపెనీలు తీసుకునే టాన్ అనే నంబరు, అద్దెకున్న మనిషి తన పేరున తీసుకోవాలి.

ఇక్కడ ప్రవాసి అంటే పాస్‌పోర్టు రంగును బట్టి కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నారా, పని వీసా మీద ఉన్నారా అన్నది లెక్కలోకి రాదు. ఆ ఆర్థిక సంవత్సరంలో భారతదేశంలో ఎన్ని రోజులు ఉన్నారన్నదే ప్రశ్న. ఉద్యోగం కోసం విదేశానికి వెళ్లే మన పౌరుడికి ఆ గీత 182 రోజుల దగ్గర ఉంది. జూలైలో విమానం ఎక్కి, మళ్లీ ఆ ఏడాది రాని యజమాని ఏప్రిల్ 1 నుంచే ప్రవాసి అవుతాడు. నవంబరులో ఎక్కినవాడు ఆ ఏడాదికి నివాసిగానే ఉంటాడు. ఈ రోజుల లెక్క అద్దెకున్నవాడికి ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకే నా మొదటి వాదన: చెప్పవలసిన బాధ్యత యజమానిదే. ఒప్పందం మీద సంతకాలు పడేలోపు, "ఈ ఆర్థిక సంవత్సరానికి నేను ప్రవాసిని" అని రాతపూర్వకంగా ఇవ్వాలి. చట్టం శిక్ష వేసేది అద్దెకున్నవాడికి, నిజం తెలిసినది యజమానికి. తెలిసినవాడు నోరు విప్పకపోతే అది మరచిపోవడం కాదు, అన్యాయం.

31.2 శాతం అన్న మాట వినగానే నాకు కలిగిన భావం ఇంకోలా ఉంది. మరొకరి సొమ్ములోంచి నెలకు 12,480 రూపాయలు నేను తీసి ప్రభుత్వానికి కట్టి, 27,520 పంపడం. అంత పన్ను ఆయనకు నిజంగా ఉంటుందా? ఆయనే రెండో ఫోనులో లెక్క వేసి చూపించారు. ఏడాది అద్దె 4,80,000. ఆస్తి పన్నుగా ఆయన కట్టింది 10,000 తీసేస్తే 4,70,000. ఇంటి అద్దె ఆదాయంలో మరమ్మతులు వగైరాలకు చట్టం ఇచ్చే 30 శాతం తగ్గింపు 1,41,000. మిగిలింది 3,29,000. 2025-26లో కొత్త పన్ను విధానం ప్రకారం 4 లక్షల దాకా పన్ను లేదు, ఆ మినహాయింపు ప్రవాసికి కూడా ఉంది. ఇక్కడ ఆయనకు వేరే ఆదాయం లేదు. అంటే కట్టవలసిన పన్ను సున్నా. నేను పట్టుకోవలసింది ఏడాదికి 1,49,760.

ఈ తేడా దగ్గరే అసలు రోగం ఉంది. ఆ లక్షన్నర తిరిగి రావాలంటే యజమాని వచ్చే ఏడాది రిటర్ను దాఖలు చేసి, వాపసు కోసం ఎదురుచూడాలి. అది ఇష్టం లేక చాలామంది, "నాన్నగారి ఖాతాకు వేయండి, సరిపోతుంది" అంటారు. అది సరిపోదు. ఇల్లు కొడుకు పేరున ఉన్నంతవరకు ఆదాయం కొడుకుదే. తండ్రి ఖాతా దారిలో ఉన్న మజిలీ మాత్రమే, పన్ను పట్టుకోవలసిన బాధ్యత దాంతో పోదు. తండ్రికి పవర్ ఆఫ్ అటార్నీ ఉండి ఒప్పందం మీద ఆయనే సంతకం చేసినా అంతే.

దీనికి చట్టంలోనే ఒక దారి ఉంది. మా యజమాని గొప్పతనం ఆ దారిలో వెళ్లడమే. సెక్షన్ 197 కింద యజమాని ఫారం 13తో ఆదాయపు పన్ను విభాగం వారి ట్రేసెస్ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా అసలు పన్ను ఇంతే, కాబట్టి తక్కువ శాతం పట్టుకునేందుకు సర్టిఫికెట్టు ఇవ్వండి అని అడగడం అది. అధికారి గత రిటర్నులు, ఈ ఏడాది ఆదాయ అంచనా, అద్దె ఒప్పందం చూసి ఒక శాతం నిర్ణయిస్తారు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ సర్టిఫికెట్టు గాలిలోకి ఇవ్వరు, ఫలానా టాన్ ఉన్న ఫలానా వ్యక్తి పట్టుకునే పన్నుకు అని రాసి ఇస్తారు. కాబట్టి ముందు నాకు టాన్ రావాలి, ఆ తర్వాతే ఆయన దరఖాస్తు చేయగలరు. పైగా అది చేతికి వచ్చిన తేదీ నుంచి చేసే చెల్లింపులకే వర్తిస్తుంది. వెనక్కి వెళ్లి అంతకుముందు నెలలను సరిదిద్దదు. అద్దెకున్నవారు మారితే మళ్లీ కొత్తది కావాలి. మేము ఇంట్లో దిగకముందే ఆయన నన్ను తొందరపెట్టింది ఇందుకే.

టాన్ కోసం ఫారం 49బీ ఆన్‌లైనులో నింపాను. రుసుము 77 రూపాయలు. వచ్చిన నంబరు పది అక్షరాలు, మొదట నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత ఐదు అంకెలు, చివర ఒక అక్షరం. బెంగళూరులో తీసుకున్నది కాబట్టి BLR తో మొదలైంది. సర్టిఫికెట్టు జూలై మొదటి వారంలో గానీ రాలేదు. ఏప్రిల్, మే, జూన్ అద్దెల్లో పూర్తి 31.2 శాతం పట్టుకున్నాను. మూడు నెలలకు 37,440. జూలై నుంచి సర్టిఫికెట్టులో రాసిన ఒక శాతం, అంటే నెలకు 400. ఆయన ఖాతాకు 39,600.

నెల నెలా చేసే పని చెప్పుకుంటే చిన్నదే. అద్దె పంపే రోజే పన్ను పట్టుకున్నట్టు లెక్క. ఆ పన్నును మరుసటి నెల 7వ తేదీలోపు కట్టాలి. మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30 దాకా కట్టవచ్చు. ఆదాయపు పన్ను వెబ్‌సైటులో టాన్‌తో ప్రవేశించి e-Pay Tax లో 281 చలానా తీసుకుంటే, అక్కడ పన్ను ఎవరి తరఫున అని అడుగుతుంది. కంపెనీ తరఫున అయితే 0020, వ్యక్తి తరఫున అయితే 0021. మొదటి నెల నేను అలవాటుకొద్దీ 0020 ఎంచుకున్నాను. కర్మాగారం లెక్కల్లో ఎక్కువగా కంపెనీలకే కడతాం కాబట్టి చేయి అటే పోయింది. తప్పు చూసుకుని చలానా సవరణకు అభ్యర్థన పెట్టి సరిచేయించాను. డబ్బు ఎక్కడికీ పోలేదు కానీ ఆ రెండు వారాలు మనసు మనసులో లేదు.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు కట్టిన దానికి 27క్యూ దాఖలు చేయడానికి గడువు జూలై 31. మిగతా మూడింటికి అక్టోబరు 31, జనవరి 31, మే 31. ఒక రోజు ఆలస్యమైతే 200 రూపాయలు, అలా రోజుకు 200 చొప్పున, కట్టవలసిన పన్ను మొత్తం దాకా పెరుగుతుంది. నెలకు 400 పట్టుకునే నాలాంటి వాళ్లకు మూడు నెలల పన్ను 1,200 కాబట్టి ఆరు రోజుల ఆలస్యానికే ఆ హద్దు వచ్చేస్తుంది. ఈ పత్రంలో యజమాని పాన్, ఆయన నివసించే దేశం, సర్టిఫికెట్టు నంబరు సరిగ్గా పడాలి. ఆ నంబరు రాయకపోతే తక్కువ ఎందుకు పట్టుకున్నావని మిగతా పన్నుకు నోటీసు వస్తుంది. నేను విభాగం వారి ఉచిత సాఫ్ట్‌వేరుతో సొంతంగా చేసుకున్నాను. లెక్కల పని తెలియని వారికి ఆడిటరు తప్పదు.

దాఖలు చేసిన పత్రాన్ని విభాగం పరిశీలించాక ట్రేసెస్ నుంచి, పన్ను పట్టుకున్నట్టు తెలిపే 16ఏ అనే ధ్రువపత్రం దిగుమతి చేసి యజమానికి పంపాలి. అంతా సరిగ్గా జరిగిందని తెలిసేది ఒక్క చోటే. తన పాన్ మీద జమ అయిన పన్నును చూపే 26ఏఎస్ పట్టికను ఆయన తెరిచి చూస్తే నా పేరు పక్కన ఆ మొత్తాలు కనబడాలి. కనబడలేదంటే ఎక్కడో పాన్ అంకె తప్పు పడిందని అర్థం. ఆగస్టులో ఆయన ఆ తెర ఫోటో తీసి పంపినప్పుడు గానీ నాకు నిశ్చింత కలగలేదు.

ఇదంతా ఎందుకు, చేయకపోతే ఏమవుతుంది అనే వారికి మా పిన్ని కూతురి సంగతి చెప్పాలి. చెన్నైలో వేలచేరిలో రెండేళ్లు అద్దెకుంది. నెలకు 35 వేలు, యజమాని ఖాతాకే పంపేది. ఆయన దుబాయిలో ఉంటాడని తెలుసు, దానికి ఒక చట్టం ఉందని తెలియదు. ఆయనా చెప్పలేదు. ఆఫీసులో ఇంటి అద్దె మినహాయింపు కోసం ఆయన పాన్ నంబరు ఇచ్చింది, ఏడాదికి అద్దె లక్ష దాటితే ఇవ్వాలి కాబట్టి. తర్వాత నోటీసు వచ్చింది. ఈ పాన్ గల ప్రవాసికి ఇంత అద్దె కట్టినట్టు మీరే చూపించారు, పన్ను ఎందుకు పట్టుకోలేదు అని. రెండేళ్ల అద్దె 8,40,000. పట్టుకోవలసిన పన్ను 2,62,080. అప్పటికి అద్దె మొత్తం యజమానికి చేరిపోయింది కాబట్టి ఆ పన్ను తన జేబులోంచి కట్టవలసి వస్తుంది.

ఆ పిల్ల రాత్రి పదకొండింటికి ఫోను చేసి ఏడ్చింది. అప్పటికి నాకు ఈ చట్టం కొంత తెలుసు కాబట్టి ఒక దారి చెప్పగలిగాను. యజమాని ఆ అద్దెను తన రిటర్నులో చూపించి, దాని మీద రావలసిన పన్ను కట్టి ఉంటే, ఒక ఆడిటరు ధ్రువీకరణతో ఫారం 26ఏ సమర్పించవచ్చు. అప్పుడు అసలు పన్ను అడగరు. ఈ వెసులుబాటు మొదట నివాసి యజమానుల విషయంలోనే ఉండేది, 2019 సెప్టెంబరు నుంచి ప్రవాసులకూ వచ్చింది. కానీ వడ్డీ మాత్రం తప్పదు. పన్ను పట్టుకోవలసిన నెల నుంచి యజమాని రిటర్ను దాఖలు చేసిన నెల దాకా నెలకు ఒక శాతం. ఒక్క ఏప్రిల్ అద్దెనే తీసుకుంటే పన్ను 10,920, నెలకు వడ్డీ 109. వచ్చే ఏడాది జూలైలో ఆయన రిటర్ను వేశాడనుకుంటే పదహారు నెలలకు సుమారు 1,750. ఇలా ఇరవై నాలుగు నెలల అద్దెలకు వేసుకోవాలి. అన్నిటికన్నా కష్టం, ఇల్లు ఖాళీ చేశాక ఆ యజమాని చేత రిటర్ను వివరాలు ఇప్పించడం. నాలుగు నెలలు ఆయన ఫోను ఎత్తలేదు. చివరికి ఇచ్చాడు. ఇవ్వకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం.

విదేశంలో ఉన్న యజమాని బ్యాంకు ద్వారా పంపమంటే మోసమేమోనన్న అనుమానమూ సహజమే. ఇల్లు తనది కాకుండానే అడ్వాన్సు వేయించుకుని మాయమయ్యేవారు ఉన్నారు. నేను అడిగినవి మూడే. ఆస్తి పన్ను రసీదు, ఖాతా పత్రం, ఆయన పాన్. బెంగళూరులో ఖాతా పత్రమంటే ఇల్లు ఎవరి పేరున నమోదై ఉందో నగర పాలక సంస్థ ఇచ్చే కాగితం. ఈ మూడింటిలో పేరు, డబ్బు పంపే బ్యాంకు ఖాతాదారు పేరు ఒకటే అయి ఉండాలి. నెఫ్ట్, ఆర్టీజీఎస్ ద్వారా పంపే ముందు ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పేరు కలవకపోతే డబ్బు కదపకూడదు. అడ్వాన్సు సంగతి వేరు. అది తిరిగి ఇవ్వవలసిన సొమ్ము, ఆదాయం కాదు, దాని మీద పన్ను పట్టుకోనక్కరలేదు. ఖాళీ చేసేటప్పుడు అందులోంచి అద్దె బాకీ మినహాయించుకుంటే మాత్రం ఆ మేరకు అది అద్దె అవుతుంది.

ఒప్పందంలో ఒక వాక్యం గురించి గట్టిగా చెప్పాలి. "పన్నులన్నీ పోను యజమానికి నికరంగా 40,000 అందాలి" అని కొన్ని ఒప్పందాల్లో కనబడుతుంది. దాని మీద సంతకం పెట్టకండి. పన్ను భారం అద్దెకున్నవాడే మోస్తానని ఒప్పుకుంటే, సెక్షన్ 195ఏ ప్రకారం అద్దెను పైకి లెక్కగడతారు. 40,000 నికరంగా మిగలాలంటే అద్దె 58,140 అవుతుంది, పన్ను 18,140. మీ ఇంటి అద్దె ఒక్క వాక్యంతో దాదాపు సగం పెరిగినట్టు. మా ఒప్పందంలో, "చట్టప్రకారం పట్టుకున్న పన్ను కట్టిన చలానా ఇస్తే ఆ మేరకు అద్దె చెల్లించినట్టే" అని రాయించాం. దాఖలు ఖర్చులు యజమానివే అని కూడా. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అదే న్యాయం అనుకుంటాను. ఈ పని పుట్టింది ఆయన నివాసం వల్లే, నా వల్ల కాదు.

ఇక చట్టంతో నా పేచీ. విదేశంలో ఉన్న మనిషిని వెతికి పన్ను వసూలు చేయడం ప్రభుత్వానికి కష్టం, కాబట్టి డబ్బు దేశంలో ఉండగానే పట్టుకోవాలన్న ఆలోచనను నేను తప్పు పట్టను. పట్టుకునే బాధ్యత అద్దెకున్నవాడి మీద పెట్టడాన్నీ ఒప్పుకుంటాను, డబ్బు ఉన్నది అతని చేతిలోనే. ఒప్పుకోలేనిది పనిముట్లను. నెలకు లక్ష అద్దె కట్టే మనిషికి, యజమాని పక్క వీధిలో ఉంటే, ఏడాదికి ఒక ఫారం. నెలకు 15 వేలు కట్టే మనిషికి, యజమాని సింగపూరులో ఉంటే, టాన్, పన్నెండు చలానాలు, నాలుగు 27క్యూలు, నాలుగు 16ఏలు. పైగా ప్రవాసికి డబ్బు పంపేటప్పుడు ఇచ్చే 15సీఏ అనే ప్రకటన కూడా వేయడం మంచిదని ఆడిటరు చెప్పారు. ఏడాది మొత్తం 5 లక్షలు దాటలేదు కాబట్టి మొదటి భాగంతో సరిపోయింది, దాటితే, సెక్షన్ 197 సర్టిఫికెట్టు లాంటిది లేనివారికి ఆడిటరు ధ్రువపత్రం కూడా కావాలి. అసలు పన్ను సున్నా ఉన్న ఆదాయం మీద ఇంత. ఇంత బరువు పెట్టడం వల్లే యజమానులు తండ్రుల ఖాతాలను వెతుక్కుంటున్నారు, అద్దెకున్నవాళ్లు తెలిసీ తెలియనట్టు ఊరుకుంటున్నారు. 26క్యూసీ లాంటి ఫారంలోనే "యజమాని ప్రవాసి" అని ఒక గడి పెట్టి, పాన్‌తోనే కట్టనిస్తే ప్రభుత్వానికి పోయేదేమీ లేదు, ఇప్పుడు రాని పన్ను కొంత వస్తుంది కూడా. అప్పటిదాకా ఈ కాగితాల భారాన్ని ముందుగా చెప్పి, సగం తాను మోసే యజమానినే నేను మంచి యజమాని అంటాను. పెద్దాయన ముందే నాతో అన్నారు, "మావాడికి చాదస్తం ఎక్కువమ్మా" అని. నాకు అది చాదస్తంగా కనబడలేదు.

ఈ ఏడాది మార్చిలో ఒప్పందం పొడిగించుకున్నాం. సర్టిఫికెట్టు ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కాబట్టి, టాన్ ఎలాగూ ఉంది గనుక, కొత్త దానికి ఆయన మార్చిలోనే దరఖాస్తు పెట్టారు. పోయిన ఏడాది నేను పట్టుకున్న మొదటి మూడు నెలల 37,440 రూపాయలను రిటర్నులో వాపసు అడుగుతున్నారు. దానికి కావలసిన 16ఏ ఆయన మెయిలులో ఉంది.